నడిచొచ్చిన టైప్ 2: 78 ఏళ్ల పేషెంట్‌లో ఒడొంటాయిడ్ ఫ్రాక్చర్

మెడలో మొదటి ఎముక సి1 ఉంగరంలా ఉంటుంది. రెండోదైన సి2 నుంచి పంటిలా పైకి లేచి ఆ ఉంగరంలోకి వెళ్లే ముక్కే ఒడొంటాయిడ్, అది అడుగున విరిగితే టైప్ 2. పేషెంట్ వయసు 78. గుర్తుపట్టగలిగే వివరాలు మార్చి రాస్తున్నాను. పొద్దున బాత్రూంలో కాలు జారి ముందుకు పడ్డారు, నుదురు నేలకు కొట్టుకుంది. స్పృహ తప్పలేదు, వాంతులు కాలేదు. గోడ పట్టుకుని తనే లేచారు. మొదట వెళ్లిన చోట నుదుటి గాయానికి కుట్లు వేశారు. మెడ పట్టేసిందంటే పక్కనుంచి ఒక ఎక్స్‌రే తీసి, అరుగుదల తప్ప ఏమీ లేదని పారాసిటమాల్ ఇచ్చి పంపారు. మర్నాడు సాయంత్రం కూతురు మా ఎమర్జెన్సీకి తీసుకొచ్చింది. ఆవిడ నడుచుకుంటూనే వచ్చారు.

గుండె లయ తప్పినందుకు రక్తం గడ్డకట్టకుండా చూసే అపిక్సాబాన్ వాడుతున్నారు. హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, గుండె పంపింగ్ బలం చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతమే. సీఓపీడీ అనే పాత ఊపిరితిత్తుల జబ్బుకి ఇన్‌హేలర్లు. ఈ ముక్క ఇప్పుడు జబ్బుల చరిత్రలో ఒక వాక్యంలా కనిపిస్తుంది గానీ, చికిత్స దగ్గరికొచ్చేసరికి నిర్ణయం మొత్తం దీని మీదే తిరిగింది.

నొప్పి ఎక్కడమ్మా అని అడిగితే మెడ చూపించలేదు. తల వెనక భాగం మీద, చెవి వెనక దాకా అరచెయ్యి పెట్టి చూపించారు. సి2 నరం మూలం చికాకు పడితే నొప్పి అక్కడే తెలుస్తుంది. అందుకే పై మెడ ఫ్రాక్చర్లు చాలాసార్లు "తలనొప్పి" పేరుతో వస్తాయి. పరీక్ష మంచం మీద పడుకోమన్నప్పుడు ఆవిడ ఒక పని చేశారు. రెండు చేతులతో తలను పట్టుకుని, ఆ తలను చేతులతోనే మోస్తూ మెల్లగా వెనక్కి వాలారు. రస్ట్ సైన్ అని పుస్తకాల్లో చదివేది ఇదే. ఎప్పుడో గానీ కనపడదు, కనపడితే మాత్రం మెడ కదలనివ్వకుండా అక్కడే ఆపెయ్యాలి. ఆపాం.

చేతులు, కాళ్లలో బలం మామూలుగా ఉంది. స్పర్శ ఉంది, రిఫ్లెక్సులు రెండువైపులా సమానం, స్పైనల్ కార్డ్ నొక్కుకుంటే కనపడే హాఫ్‌మన్ సైన్ లేదు. తిమ్మిర్లు లేవన్నారు. స్పృహ కొలిచే స్కోరు జీసీఎస్ పూర్తిగా 15.

మెడను క్లియర్ చేసే నియమాలు: ఏది అడగాలి, ఏ వరుసలో

దెబ్బ తగిలిన మెడకు ఇమేజింగ్ అవసరమా కాదా తేల్చే నియమాలు రెండున్నాయి. మా డ్యూటీ డాక్టర్ వాటిలో నెక్సస్ ప్రకారం ఆలోచించాడు. నెక్సస్ అయిదు ప్రశ్నలు అడుగుతుంది. మెడ వెనక మధ్య గీత మీద నొక్కితే నొప్పి ఉందా, నరాల లోపం ఉందా, పూర్తి తెలివితో ఉన్నారా, మత్తులో ఉన్నారా, మెడ నొప్పిని మరిపించేంత బాధపెట్టే గాయం ఇంకెక్కడైనా ఉందా. అయిదింటికీ తేడా లేని జవాబు వస్తే ఇమేజింగ్ అక్కర్లేదు. ఈవిడ తెలివిగా ఉన్నారు, మత్తు లేదు, నరాల లోపం లేదు. నుదుటి గాయం చిన్నది. ఇక మిగిలింది నొక్కితే నొప్పి. పారాసిటమాల్ వేసుకుని వచ్చారు. డాక్టర్ మెడ మధ్యా, కిందా నొక్కితే "అక్కడేం లేదు బాబూ" అన్నారు. సి2 వెనక మొన, స్పైనస్ ప్రాసెస్, తల కిందే, కండరాల లోపల ఉంటుంది. అంత పైకి వేలు పెట్టి నొక్కితేగాని దొరకదు. నొక్కాక "కొంచెం" అన్నారు. ఆ "కొంచెం"ను ఉన్నట్టు లెక్కేస్తామా, లేనట్టా అన్నదాని మీద నెక్సస్ జవాబు తారుమారవుతుంది.

నెక్సస్‌ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 2000లో వచ్చిన ఆ అధ్యయనంలో 34,069 మందిని చూశారు. మెడ గాయం తేలిన 818 మందిలో నియమం వదిలేసింది 8 మందిని, వాళ్లలో ఇద్దరివే వైద్యపరంగా ముఖ్యమైన గాయాలు. వయసులో ఉన్నవాళ్లకు, పరీక్ష నమ్మకంగా చేయగలిగినప్పుడు అది మంచి నియమమే. అయితే అందులో వయసు ప్రశ్న లేదు. తొలి అధ్యయనంలో వృద్ధుల ఉపవర్గంలో కూడా బాగానే పనిచేసినా, తర్వాత వచ్చిన రిపోర్టుల్లో వృద్ధుల ఫ్రాక్చర్లను వదిలేసిన సందర్భాలు కనిపించాయి. కారణం ఊహించడం కష్టం కాదు. పెద్దవాళ్లలో నొప్పి తక్కువగా తెలుస్తుంది. "మామూలు మెడనొప్పే" అనుకునే పాత అరుగుదల ఎలాగూ ఉంటుంది. కాస్త మతిమరుపు కూడా తోడైతే "పూర్తి తెలివితో ఉన్నారు" అన్న గడిలో టిక్కు పెట్టడం సగం ఊహే అవుతుంది.

2001లో వచ్చిన కెనడియన్ సీ-స్పైన్ రూల్‌లో వరుసే వేరు. మొదట ప్రమాద సూచనలు అడుగుతుంది. వయసు 65 లేక పైన ఉందా, ప్రమాదకరమైన రీతిలో దెబ్బ తగిలిందా, చేతుల్లోగానీ కాళ్లలోగానీ తిమ్మిర్లున్నాయా. 3 అడుగులు లేదా 5 మెట్ల ఎత్తు నుంచి పడటం, తల మీద నిలువుగా దెబ్బ, వేగంగా వెళ్లే వాహనం ఢీకొనడం, బోల్తా పడటం, బయటికి విసిరేయబడటం లాంటివి ప్రమాదకరమైన రీతి కిందికొస్తాయి. వీటిలో ఒక్కటున్నా ఇమేజింగే, ఇంకేమీ అడగక్కర్లేదు. ఏదీ లేకపోతేనే రెండో మెట్టు: కూర్చుని ఉన్నారా, దెబ్బ తర్వాత ఒక్కసారైనా నడిచారా, నొప్పి ఆలస్యంగా మొదలైందా, మధ్య గీత మీద నొప్పి లేదా, వెనక నుంచి తగిలిన చిన్న వాహన ప్రమాదమా. ఒక్కటైనా ఉంటేనే మూడో మెట్టు, మెడను తనంతట తానుగా రెండువైపులా 45 డిగ్రీలు తిప్పమనడం.

ఈ నియమాన్ని తప్పుగా వాడటం నేను ఎక్కువగా చూసేది రెండు చోట్ల. ఒకటి, "నడిచొచ్చారు కదా" అన్న మాట. నడవడం రెండో మెట్టులో సూచన మాత్రమే, మొదటి మెట్టు దాటని వాళ్లకు దానికి విలువ లేదు. రెండోది, ముందు మెడ తిప్పించి చూడటం. 78 ఏళ్ల మనిషిని మెడ తిప్పమనే హక్కు ఈ నియమం మనకివ్వలేదు. ఈవిడ నిల్చున్న ఎత్తు నుంచే పడ్డారు, అది "ప్రమాదకరమైన రీతి" కిందికి రాదు. వయసు ఒక్కటే చాలింది. ఆవిడ అంతకుముందు ఎన్నిసార్లు మెడ తిప్పారో, ఎలా తిప్పారో మనకు అనవసరం.

కాలర్ కంటే ముందు తల కింద దిండు

ఆవిడకు వీపు బాగా వంగి ఉంది. అలాంటివాళ్లను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, సైజుకు సరిపోని గట్టి కాలర్ బిగిస్తే తల వెనక్కి వేలాడుతుంది. ముందుకు పడి నుదురు కొట్టుకున్నప్పుడు మెడ వెనక్కి విరుచుకుంటుంది. ఆ గాయంలో ఒడొంటాయిడ్ సాధారణంగా వెనక్కే జరుగుతుంది. అంటే మనం రక్షణ అనుకుని పెట్టిన భంగిమే ఫ్రాక్చర్‌ను ఇంకా వెనక్కి, స్పైనల్ కార్డ్ వైపు తోస్తుంది. అందుకే ఆవిడ రోజూ తల ఎలా నిలిపేవారో కూతుర్ని అడిగి తెలుసుకుని, తల కింద దుప్పటి మడతలు పెట్టి ఆ భంగిమలోనే నిలిపాం. ఆ భంగిమకు సరిపోయే కాలరే వేశాం. కాలర్ పెట్టాక మరోసారి చేతులు, కాళ్ల బలం చూసి టైముతో సహా రాశాం. చాలా చోట్ల ఆ రెండో నోట్ ఉండదు. తర్వాత బలం తగ్గితే ఎప్పుడు తగ్గిందో తేల్చే దారి అప్పుడు ఉండదు.

ఎక్స్‌రే ఎందుకు మోసం చేసింది

కూతురు ఫోన్లో ఉన్న పాత ఎక్స్‌రే చూపించింది. చూసిన వాళ్లను తప్పుపట్టలేం. ఎముకలు పలచగా ఉన్నాయి, సి1 ముందు వంపుకీ ఒడొంటాయిడ్‌కీ మధ్య అరుగుదల, దవడ నీడ సగం కప్పేసింది. సి2 ముందు మెత్తటి కణజాలం కూడా వాచినట్టు లేదు. వాపు లేనంత మాత్రాన ఫ్రాక్చర్ లేదని కాదు. నోరు తెరిపించి తీసే ఎక్స్‌రే అయినా పెద్దగా మెరుగు కాదు. పన్నులు, నాలుక అంచు, సి1 వెనక వంపు నీడలు ఒడొంటాయిడ్ అడుగున అడ్డంగా ఒక గీతలా పడి, లేని ఫ్రాక్చర్‌ను చూపిస్తాయి, ఉన్నదాన్ని దాచేస్తాయి. 2005లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్‌లో మెడ గాయాలను పట్టుకోవడంలో ఎక్స్‌రేల సెన్సిటివిటీ 52 శాతం, సీటీది 98 శాతం. పెద్దవాళ్లకు ఇమేజింగ్ అవసరమని తేలాక ముందు ఎక్స్‌రే, అనుమానముంటే సీటీ అన్న పద్ధతిలో అర్థం లేదు. నేరుగా సీటీకే వెళ్లాలి.

సీటీ తీశాక కూడా ఒక గుంట ఉంది. ఈ ఫ్రాక్చర్ అడ్డంగా ఉంటుంది, సీటీ అడ్డకోతలు కూడా అడ్డంగానే పోతాయి. రెండు కోతల మధ్య గీత పడితే అడ్డకోతల్లో ఏమీ కనపడదు. రొట్టెను ఏ వైపుగా ముక్కలు కోస్తామో అదే వైపుగా చీలిక ఉంటే ముక్కల్లో చీలిక కనపడనట్టే. అందుకే పలచటి కోతలతో తీసి, పక్కనుంచి, ఎదురుగా నిలువుకోతల్లా చూపే సాజిటల్, కరోనల్ రీఫార్మాట్‌లు తప్పకుండా చూడాలి. మా సీటీ అడ్డకోతల్లో ఒక మసక తప్ప ఏమీ లేదు. మధ్య సాజిటల్ బొమ్మలో మాత్రం ఒడొంటాయిడ్ అడుగున స్పష్టమైన గీత, పైముక్క 3 మిల్లీమీటర్లు వెనక్కి జరిగి, 8 డిగ్రీలు వంగి ఉంది.

అది పాతదా, కొత్తదా అనే అనుమానం ఈ వయసులో ఎప్పుడూ వేసుకోవాలి. ఎప్పుడో పడి అతుక్కోని ఫ్రాక్చర్ అయితే అంచులు నునుపుగా, తెల్లగా గట్టిపడి ఉంటాయి. ఒడొంటాయిడ్ సి2తో కలవకుండా విడి ముక్కగా ఉండిపోయే ఓస్ ఒడొంటాయిడియం అయితే ఆ ముక్క చుట్టూ గుండ్రటి నునుపు అంచు ఉండి, సి1 ముందు వంపు లావెక్కి ఉంటుంది. ఈవిడ గీత అంచులు పదునుగా ఉన్నాయి. కొత్తదే. సి1 ఉంగరం కూడా పగిలిందేమో వెతికాం, లేదు. ఒడొంటాయిడ్ ఫ్రాక్చర్లతో సి1 వెనక వంపు పగలడం కలిసి వస్తుంటుంది. ఒకటి దొరకగానే చూపు ఆగిపోవడం వల్ల రెండోది తప్పిపోతుంది.

తర్వాతి రెండు స్కాన్‌లు, వాటి ప్రశ్నలు

సి1 నుంచి సి3 దాకా ఎక్కడ ఫ్రాక్చర్ ఉన్నా, మెడ ఎముకల గుండా మెదడుకు వెళ్లే వెర్టెబ్రల్ ధమనికి గాయం ఉందేమో చూడాలన్నది డెన్వర్ స్క్రీనింగ్ ప్రమాణాల్లో ఉంది. సీటీ యాంజియో తీశాం. రెండు ధమనులూ మామూలుగా ఉన్నాయి. కుడివైపు ధమని సి2లో ఎత్తుగా, లోపలికి వంగి పోతోంది. ఆ క్షణానికి అది పనికిరాని సమాచారంలా కనిపించినా సర్జన్‌కు మాత్రం ముఖ్యం. ఆ వైపు సి2 పెడికిల్ అనే ఎముక కాడలో స్క్రూకు చోటు ఇరుకు.

ఎంఆర్ఐ ఎందుకు తీశామన్నది కొంచెం వివరంగా చెప్పాలి. నరాల లోపం లేదు, సీటీలో ఫ్రాక్చర్ దొరికింది. చాలామంది ఇక్కడ ఆపేస్తారు, అది తప్పేమీ కాదు. మాకు రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, ఒడొంటాయిడ్‌ను సి1కి వెనకనుంచి కట్టిపడేసే ట్రాన్స్‌వర్స్ లిగమెంట్ ఉందా, తెగిందా. అది తెగితే ఎముక అతుక్కున్నా సి1 జారుతూనే ఉంటుంది, ఒడొంటాయిడ్ స్క్రూకు అర్థమే ఉండదు. రెండోది, అపిక్సాబాన్ మీద ఉన్న మనిషి కాబట్టి కార్డ్ చుట్టూ రక్తపు గడ్డ ఉందేమో. లిగమెంట్ నిలిచే ఉంది, గడ్డ లేదు, ఫ్రాక్చర్ దగ్గర ఎముకలో వాపు కనిపించింది. కార్డ్ శుభ్రంగా ఉంది.

కార్డ్ ఎందుకు బతికిపోయిందో శరీర నిర్మాణమే చెబుతుంది. సి1 స్థాయిలో స్టీల్ అనే డాక్టర్ చెప్పిన మూడోవంతు సూత్రం ఉంది: ఉంగరంలో మూడోవంతు ఒడొంటాయిడ్, మూడోవంతు కార్డ్, మూడోవంతు ఖాళీ. 3 మిల్లీమీటర్ల జరుగుడును ఆ ఖాళీ భరించింది. ఇంకా జరిగితే భరించేందుకు చోటెంత మిగిలిందో కొలవాలి. ఈవిడకు కార్డ్ కోసం 17 మిల్లీమీటర్లు మిగిలింది. 14 కంటే తగ్గితే నాకు నిద్రపట్టదు.

స్పృహ లేని పేషెంట్ల గురించి ఇక్కడే ఒక మాట, ఎందుకంటే ఎంఆర్ఐ అనగానే జూనియర్లు అడిగేది అదే. స్పృహలో లేని పెద్దవాళ్లలో మంచి నాణ్యత గల సీటీ మామూలుగా ఉంటే కాలర్ తీసేయవచ్చని అమెరికా ట్రామా సర్జన్ల సంఘం ఈస్ట్ మార్గదర్శకాలు 2015లో షరతుతో కూడిన సిఫార్సుగా చెప్పాయి. 2016లో వెస్టర్న్ ట్రామా అసోసియేషన్ బహుళ కేంద్రాల అధ్యయనం 10,276 మందిని చూస్తే, సీటీ ముఖ్యమైన గాయాన్ని వదిలేసింది ముగ్గురిలో మాత్రమే. ఆ ముగ్గురికీ వచ్చినప్పుడే నరాల లోపం ఉంది. కాబట్టి మామూలు సీటీ తర్వాత ఎంఆర్ఐకి పంపమని చెప్పేది చేతులు, కాళ్ల పరీక్షే. ఐసీయూలో రోజుల తరబడి ఉన్న కాలర్ గడ్డం కింద, తల వెనక పుండ్లు పెడుతుంది, మెడ సిరల్ని నొక్కి తలలో ఒత్తిడి పెంచుతుంది. భద్రత కోసం ఉంచుతున్నాం అనుకునేదానికి కూడా దాని ఖర్చు దానికుంది.

ఇప్పుడు దీన్ని ఏం చేయాలి

అండర్సన్, డి'అలాంజో 1974లో చెప్పిన వర్గీకరణ ఇప్పటికీ వాడుకలో ఉంది. టైప్ 1 కొన దగ్గర, టైప్ 2 అడుగున, టైప్ 3 సి2 శరీరంలోకి దిగినది. టైప్ 3 ఎక్కువగా మెత్తటి ఎముకలోంచి పోతుంది, తాకే ఉపరితలం పెద్దది, కాలర్‌లోనే చాలావరకు అతుక్కుంటుంది. టైప్ 2 అంత సులభం కాదు. అడుగున ఎముక సన్నం, మెత్తటి ఎముక తక్కువ, చుట్టూ కీళ్ల ద్రవం, పైముక్కను లిగమెంట్లు పైకి లాగుతుంటాయి. వయసు 50 దాటితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. తలకు పిన్నులతో బిగించిన ఉంగరాన్ని ఛాతీ మీది చొక్కాకు కలిపి మెడను ఆపే హేలో వెస్ట్ వేసినవారి మీద 2000లో వచ్చిన ఒక కేస్-కంట్రోల్ అధ్యయనంలో 50, ఆపై వయసువారిలో అతుక్కోకపోయే ప్రమాదం 21 రెట్లు కనిపించింది. 5 మిల్లీమీటర్లకు మించిన జరుగుడు, అడుగున ముక్కలైపోవడం, వెనక్కి జరగడం, ఆలస్యంగా గుర్తించడం కూడా అతుక్కోకపోవడానికి దారితీస్తాయి. మా పేషెంట్‌కు వయసు, వెనక్కి జరుగుడు, ఒకటిన్నర రోజు ఆలస్యం ఉన్నాయి. 5 మిల్లీమీటర్ల గీత దాటలేదు, ముక్కలు కాలేదు.

దారులు నాలుగు: కాలర్, హేలో, ముందునుంచి స్క్రూ, వెనకనుంచి ఫ్యూజన్. వాటిలో హేలోను మొదటే పక్కన పెట్టాం. ఈ వయసులో హేలో వల్ల న్యుమోనియా, మింగలేకపోవడం, పిన్నులు వదులవడం, తూలిపడటం అన్నీ పెరుగుతాయి. సీఓపీడీ ఉన్న 78 ఏళ్ల ఛాతీ మీద వెస్ట్ బిగించడం నా దృష్టిలో చికిత్స కాదు.

ముందునుంచి ఒడొంటాయిడ్ స్క్రూ వేస్తే మెడ తిరగడం మిగులుతుంది, ఎందుకంటే సి1-సి2 కీలు మూసుకుపోదు. మెడ తిరుగుడులో దాదాపు సగం ఆ కీలుదే. కానీ పలచబడ్డ ఎముకలో స్క్రూ పట్టు వదిలేస్తుంది. వీపు వంగిన మనిషిలో స్క్రూకు కావలసిన కోణం ఛాతీ అడ్డొచ్చి దొరకదు. ముందునుంచి చేసే ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లకు మింగడంలో ఇబ్బంది ఎక్కువ. ఫ్రాక్చర్ గీత వాలు ఎటువైపో కూడా చూడాలి. ముందుపై నుంచి వెనకకిందికి వాలితే స్క్రూ ముక్కల్ని దగ్గరికి లాగుతుంది, ముందుకింది నుంచి వెనకపైకి ఉంటే స్క్రూ బిగించిన కొద్దీ పైముక్క జారుతుంది. ఈవిడది దాదాపు అడ్డంగా ఉంది. గీత వాలు అడ్డు కాకపోయినా మిగతా అన్నీ అడ్డే.

ఆపరేషన్లలో మిగిలింది వెనకనుంచి సి1-సి2 ఫ్యూజన్. సి1 పక్క దిమ్మ అయిన లేటరల్ మాస్‌లో, సి2 పెడికిల్‌లో స్క్రూలు వేసి కలిపే పద్ధతిని గోయెల్ 1994లో ప్లేట్లతో, హార్మ్స్ 2001లో రాడ్లతో ప్రచురించారు. అతుక్కోవడంలో ఇదే అన్నింటికంటే నమ్మదగినది. 2013లో వచ్చిన ఏఓస్పైన్ అధ్యయనం 65 దాటిన 159 మందిని ఏడాది గమనించింది. ఆపరేషన్ జరిగినవారిలో మెడ వైకల్య స్కోర్ మెరుగ్గా ఉంది. కానీ అది లాటరీ వేసి రెండు గుంపులు చేసిన అధ్యయనం కాదు. ఆపరేషన్‌కు పంపింది ఎవర్ని, పంపనిది ఎవర్ని అన్నది డాక్టర్లే తేల్చారు. ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్న 70 ఏళ్లవారైతే నేనూ ఆపరేషన్ వైపే మొగ్గుతాను. ఇక్కడ కార్డియాలజిస్టు, అనెస్థీషియా వాళ్లు ఇద్దరూ బోర్లా పడుకోబెట్టి గంటల తరబడి చేసే ఆపరేషన్‌కు ప్రమాదం చాలా ఎక్కువన్నారు. కుడి సి2లో స్క్రూకు చోటు ఇరుకన్నది దానికి తోడు. ఇక మిగిలింది కాలర్.

కూతురు అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. "ఎముక అతుక్కోకపోతే మా అమ్మకి ఏమవుతుంది డాక్టర్ గారూ?" నేను కాలర్‌లో ఎముక అతుక్కుంటుందని చెప్పలేదు. అతుక్కోకపోవచ్చని, అయినా ఆ చీలిక మధ్య గట్టి పీచు కణజాలం ఏర్పడి ముక్క కదలకుండా నిలిస్తే చాలామంది పెద్దవాళ్లు నొప్పి లేకుండా, నరాల ఇబ్బంది లేకుండా ఉంటారని చెప్పాను. కదులుతూనే ఉంటే ఆలస్యంగా కార్డ్ దెబ్బతినే ప్రమాదముందని, అప్పుడు ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తాల్సి వస్తుందని కూడా చెప్పాను. ఆవిడ అంతా విని, "నాకు కోత వద్దు నాయనా, ఈ పట్టీతోనే చూద్దాం" అన్నారు.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రే

కాలర్ అని నిర్ణయించాక చేసే పరీక్ష ఒకటుంది, దీన్ని చాలాచోట్ల మర్చిపోతారు. సీటీ అంతా పడుకోబెట్టి తీసినదే. తల బరువు మెడ మీద పడినప్పుడు ఫ్రాక్చర్ ఎలా ప్రవర్తిస్తుందో అది చెప్పదు. మర్నాడు కాలర్‌తోనే కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టి పక్క ఎక్స్‌రే తీశాం. జరుగుడు 3 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య, వంపు దాదాపు అంతే. కొలతలో తేడాను మించిన కదలిక లేదు. జరుగుడు 5 మిల్లీమీటర్లు దాటి ఉంటే, లేదా వంపు స్పష్టంగా పెరిగి ఉంటే, ఎంత ప్రమాదమైనా సర్జన్‌ను మళ్లీ పిలిచేవాళ్లం.

తలకు సీటీ మొదటి రోజే శుభ్రంగా వచ్చింది. ఎంఆర్ఐలో గడ్డ లేదని తేలాక, నరాల పరీక్ష స్థిరంగా ఉన్నాక, కార్డియాలజిస్టుతో మాట్లాడి అపిక్సాబాన్ మళ్లీ మొదలుపెట్టాం.

మూడో రోజు నీళ్లు తాగుతూ దగ్గారు. కాలర్ గడ్డాన్ని పైకి నెట్టి ఉంచితే మింగడం ఎవరికైనా కష్టమే, పై మెడ గాయం ఉన్నవారికి ఇంకా కష్టం. స్పీచ్ థెరపిస్టు చూసి, చిక్కటి ద్రవాలు, నిటారుగా కూర్చుని చిన్న గుక్కలు అని చెప్పారు. గడ్డం భాగం ఒక మెట్టు కిందికి దించి సరిచేశాం. వారంలో నీళ్లు మామూలుగా తాగగలిగారు. ఇలాంటి పేషెంట్లలో ప్రాణం తీసేది తరచుగా ఫ్రాక్చర్ కాదు, ఊపిరితిత్తుల్లోకి పోయిన గుక్క. అందుకే నేను వార్డు నోట్‌లో ఒడొంటాయిడ్ కంటే ముందు మింగడం గురించి రాయిస్తాను.

ఇంటికి పంపేముందు కాలర్ ప్యాడ్‌లు మార్చడం కూతురికి, కొడుక్కి నేర్పించాం. ఆవిడను పడుకోబెట్టి, ఒకరు తలను రెండువైపులా కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు కాలర్ ముందు భాగం తీసి చర్మం చూడాలి, తుడిచి, ఆరబెట్టి, పొడి ప్యాడ్ పెట్టాలి. తర్వాత వెనక భాగం. ఒక్కరే చేయకూడదు. తల వెనక ఎర్రబడి, వేలితో నొక్కినా ఎరుపు పోకపోతే ఫోన్ చేయమన్నాం. రెండో వారంలో ఒకసారి ఫోన్ వచ్చింది. ప్యాడ్ మార్చి, కాలర్ సైజు మార్చాక తగ్గిపోయింది.

12 వారాల దగ్గర

6 వారాలకు తీసిన ఎక్స్‌రేలో జరుగుడు మారలేదు. 12 వారాలకు సీటీ తీశాం. ఫ్రాక్చర్ గీత అలాగే ఉంది, ఎముక వంతెన ఎక్కడా లేదు. అంచులు కొంచెం నునుపెక్కాయి. కాగితం మీద ఇది "నాన్ యూనియన్". నొప్పి మాత్రం లేదు. సి2 మీద నొక్కినా ఏమీ అనలేదు. తల పట్టుకోకుండా లేచి కూర్చున్నారు.

ఇక్కడ మెడ ముందుకొకసారి, వెనక్కొకసారి వంచి తీసే ఫ్లెక్షన్-ఎక్స్‌టెన్షన్ ఎక్స్‌రే ఉపయోగపడింది. కొత్త గాయంలో దీన్ని చేయకూడదు. నొప్పికి కండరాలు బిగుసుకుని కదలికే రాదు, వచ్చినా ప్రమాదం. 12 వారాలకు, పక్కన నేను నిలబడి, తనంతట తానుగా, నొప్పి వచ్చేదాకా మాత్రమే ముందుకు, వెనక్కి వంచమన్నాను. ఎవరూ తలను తోయలేదు. రెండు బొమ్మల మధ్య ఒడొంటాయిడ్ కదలిక 1 మిల్లీమీటర్ లోపే. పీచు కణజాలం పట్టింది. పగలు కొద్దికొద్దిగా మొదలుపెట్టి రెండు వారాల్లో కాలర్ మాన్పించాం.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో ఆస్టియోపొరోసిస్ తేలింది. విటమిన్ డి తక్కువ. మందులు మొదలుపెట్టాం. నిల్చున్న ఎత్తు నుంచి పడి ఎముక విరిగినప్పుడు అది తుంటి అయినా, ఒడొంటాయిడ్ అయినా ఆ పరీక్ష జరగాలి. మెడ కేసుల్లో ఎందుకో ఇది జారిపోతుంది, బహుశా న్యూరోసర్జరీ, ఎమర్జెన్సీ రెండూ అది వేరేవాళ్ల పని అనుకుంటాయేమో. పడటానికి కారణం కూడా వెతికాం. లేచినప్పుడు బీపీ పడిపోతోంది, ఒంట్లో నీరు తీసే డైయూరెటిక్ మోతాదు తగ్గించారు.

ఏడాది దాటాక కూడా అదే స్థితి. మెడ కొంచెం తక్కువ తిరుగుతుంది, అది పాత అరుగుదలదా, ఈ గాయానిదా చెప్పడం కష్టం. ఏడాదికోసారి ఫ్లెక్షన్-ఎక్స్‌టెన్షన్ ఎక్స్‌రే తీస్తున్నాం. చేతుల్లో గుండీలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, మెడ వంచితే వెన్నులోకి కరెంటు షాక్ కొట్టినట్టనిపించడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు రమ్మని కుటుంబానికి రాసిచ్చాం. వస్తే కొత్త ఎంఆర్ఐ, ఫ్యూజన్ చర్చ మళ్లీ మొదటి నుంచి.

ఆవిడ రికార్డు మొదటి పేజీలో ఇంకో గమనిక ఉంది. సి2 నాన్ యూనియన్ అని, మత్తు ఇచ్చేటప్పుడు మెడ వెనక్కి వంచి గొట్టం వేయకూడదని, వీడియో లారింగోస్కోప్ లేదా ఫైబర్ ఆప్టిక్ స్కోప్ సిద్ధంగా ఉంచుకోవాలని రాశాం. మొన్న కంటి శుక్లం ఆపరేషన్ ముందు అనెస్థీషియా డాక్టర్ ఆ పేజీ చూసి నాకు ఫోన్ చేశారు. ఆపరేషన్ లోకల్‌లో చేశారు, తల కింద దిండు ఆవిడకు అలవాటైన ఎత్తులోనే ఉంచారు.